ఒక్కరోజు సెలవు వెనుక ఇద్దరి డ్యూటీ

“తమ్ముని పెండ్లికి అక్క రాకపోతే ఎట్ల బిడ్డా? ఒక్కరోజు సెలవు దొరకదా?” గొల్లపల్లిలో గానీ, కోరుట్లలో గానీ, కూతురు నర్సుగా పనిచేసే ఇళ్ళలో ఈ మాట తరచుగా వినబడుతుంది. సెలవు అడగటం తప్పు కాదు. అయితే అడిగే తీరును బట్టి వార్డులోని రోగుల క్షేమం కూడా ఆధారపడి ఉంటుందని నా అభిప్రాయం.

చాలా ఆసుపత్రుల్లో ఉదయం డ్యూటీ 8 నుండి 2 వరకు, మధ్యాహ్నం డ్యూటీ 2 నుండి రాత్రి 8 వరకు, నైట్ డ్యూటీ రాత్రి 8 నుండి మరునాటి ఉదయం 8 వరకు ఉంటుంది. ఒకరు రాకపోతే ముందున్న సిస్టర్ వార్డును వదలి వెళ్ళలేదు. కాబట్టి సెలవు అడిగేవారు “నాకు గురువారం కావాలి” అని మాత్రమే కాక, “నా బదులు ఎవరు, వారి బదులు నేనెప్పుడు” అని కూడా చెప్పగలిగితే ఇన్‌ఛార్జి సిస్టర్‌కు పని సులువవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. గొల్లపల్లి సిస్టర్‌కు బుధ, గురువారాలు మధ్యాహ్నం డ్యూటీ, శుక్రవారం ఉదయం డ్యూటీ, శనివారం ఆఫ్. తమ్ముని పెండ్లి గురువారం ఉదయం. స్నేహితురాలికి గురువారం నైట్ ఉంది. “పెండ్లి చూసుకొని సాయంత్రానికి వచ్చేస్తాను. నా మధ్యాహ్నం నువ్వు చెయ్యి, నీ నైట్ నేను చేస్తాను” అంటుంది. పైకి లెక్క సరిపోయింది. కానీ పెండ్లిరోజు ఆమె తెల్లవారుజామున 5 గంటలకే లేస్తుంది. రాత్రి 10 అయ్యేసరికి మేల్కొని 17 గంటలు. ఇంకా 10 గంటల నైట్ మిగిలే ఉంది. ఆ వెంటనే శుక్రవారం ఉదయం డ్యూటీ కూడా ఆమెదే. అంటే వార్డులో వరుసగా 18 గంటలు.

డాసన్, రీడ్ అనే పరిశోధకులు 1997లో ప్రకటించిన అధ్యయనంలో, 17 గంటలు మేల్కొని ఉన్నవారి చేతికి, కంటికి ఉండే పొందిక, రక్తంలో 100 మి.లీ.కు 50 మి.గ్రా. మద్యం ఉన్నవారి స్థాయికి తగ్గింది. మన దేశంలో బండి నడిపేవారికి హద్దు 30 మి.గ్రా. మాత్రమే. ఆ స్థితిలో ఇన్సులిన్ కొలిచే చేయి ఎలా ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు మరో దారి చూద్దాం. మూడో సిస్టర్‌కు గురువారం ఆఫ్, శనివారం ఉదయం డ్యూటీ ఉన్నాయి. ఈ ఇద్దరూ ఆఫ్‌లు మార్చుకుంటారు. మూడో సిస్టర్ గురువారం మధ్యాహ్నం చేస్తుంది, శనివారం ఇంట్లో ఉంటుంది. గొల్లపల్లి సిస్టర్ ఆమె శనివారం డ్యూటీ చేస్తుంది. బుధవారం రాత్రి 8 నుండి శుక్రవారం ఉదయం 8 వరకు పెండ్లికూతురింటికీ పెండ్లికొడుకింటికీ తిరగడానికి ఆమెకు 36 గంటలు దొరుకుతాయి. ఎవరి నైట్ మారలేదు, ఎవరి ఆఫ్ పోలేదు.

మార్పిడికి ముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య విశ్రాంతి. కనీసం 12 గంటలు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1977లోనే నర్సుల కొరకు సిఫారసు చేసింది. రెండు, వచ్చేవారికి ఆ పని తెలిసి ఉండటం. కాన్పుల గది నైట్‌కు నిన్న చేరిన అమ్మాయిని పెట్టడం మార్పిడి కాదు.

తర్వాత అది కాగితం మీదికి రావాలి. “గురువారం మధ్యాహ్నం నా డ్యూటీ ఆమె చేస్తుంది, శనివారం ఉదయం ఆమె డ్యూటీ నేను చేస్తాను” అని రెండు వరుసలు, ఇద్దరి సంతకాలు, ఇన్‌ఛార్జి అనుమతి, ఆపై గోడ మీది లిస్టులో దిద్దుబాటు. నోటిమాటగా వదిలేస్తే ఒక్కోసారి ఇద్దరూ రారు. మధ్యాహ్నం రెండు దాటినా ఉదయపు సిస్టరే సెలైన్ మారుస్తూ కనిపిస్తే, ఎక్కడో మాట తప్పిందని రోగి బంధువులు కూడా గ్రహించవచ్చు.

అయితే బదులు మనిషిని వెతికే భారం ఎప్పుడూ నర్సు మీదే వేయకూడదు. ఇంట్లో చావు జరిగినా, ఆమెకే జ్వరం వచ్చినా “ఎవరినైనా పెట్టి వెళ్ళు” అనడం న్యాయం కాదు. అప్పుడు ఏర్పాటు చేయవలసినది ఆసుపత్రి. అలాగే క్రిస్మస్ నాటి నైట్ ప్రతి ఏడూ పెండ్లికాని సిస్టర్లకే పడటం కూడా సరికాదు. క్రిస్మస్‌కు డ్యూటీ చేసినవారికి కొత్త సంవత్సరం ఆరాధనకు ఆఫ్ ఇవ్వాలి. బతుకమ్మకు ఇంటికి వెళ్ళిన సహోదరి క్రిస్మస్ డ్యూటీ తీసుకోవచ్చు.

ఇక కుటుంబాలకు ఒక్క మనవి. ముహూర్తం ఖాయమైన రోజే మీ బిడ్డకు చెప్పండి. డ్యూటీ లిస్టు వేయకముందు అడిగితే ఆమె ఒక గడి మార్పించుకుంటే చాలు. పెండ్లికి ముందురోజు ఫోను చేస్తే ఆ భారం మోసేది మరొకరి బిడ్డ, ఆ రాత్రి మంచం మీద ఉన్న రోగి.