సిగ్నల్ పోతే టవర్‌నే తిట్టకండి

మా ఇంట్లో నాన్నవైపు తెలుగు, అమ్మవైపు తమిళం. కానీ ఫోన్లో సిగ్నల్ పోతే రెండు వైపులా ఒకటే మాట: "టవర్ ప్రాబ్లం, అదే వస్తుందిలే." ఆ "లే" దగ్గరే మా అత్తకు 40 వేలు పోయాయి.

శనివారం సాయంత్రం ఆమె ఫోన్లో సిగ్నల్ పోయింది. ఇంటి వైఫైలో వాట్సాప్ నడుస్తూనే ఉంది, అందుకే ఎవరం పట్టించుకోలేదు. అంతకుముందే ఏదో కేవైసీ లింకులో ఆమె బ్యాంకు వివరాలన్నీ ఇచ్చేసింది. ఆ దొంగ ఆమె పేరుతో డూప్లికేట్ సిమ్ తీసుకున్నాడు. కొత్త సిమ్ పనిచేయగానే పాతది ఆగిపోతుంది, ఓటీపీలు వాడికి వెళ్తాయి.

సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపాలని మన దేశంలో నియమం ఉంది. డబ్బు పోయింది ఆదివారం రాత్రి. అంటే మాకు ఒక రోజు దొరికింది. టవర్‌ని తిడుతూ మేమే దాన్ని పోగొట్టుకున్నాం.

అందుకే నేననేది, సిగ్నల్ పోతే ముందు అదే కంపెనీ సిమ్ ఉన్న పక్కమ్మాయి ఫోన్ చూడండి. తనకు ఉండి మీకు లేకపోతే, ఫోన్ ఆపి ఆన్ చేసినా రాకపోతే, ఇక కాచుకోవద్దు. ఒకరి ఫోన్‌తో కస్టమర్ కేర్‌కి చేసి "నా నంబరుకు కొత్త సిమ్ ఇచ్చారా?" అని అడగండి, ఇచ్చి ఉంటే బ్లాక్ చేయించండి. అదే సమయంలో ఇంకొకరి ఫోన్‌తో బ్యాంకుకు చెప్పి నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డు ఆపించండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి చేయండి.

బ్యాంకు నంబరు కార్డు వెనక ఉంటుంది. ఈరోజే నోట్‌బుక్‌లో రాసుకోండి, ఫోన్లో మాత్రమే కాదు.