అప్రూవల్ వచ్చినంత మాత్రాన బిల్లు సరైనదైపోదు

"క్యాష్‌లెస్ అప్రూవల్ వచ్చేసిందిగా, ఇంక బిల్లు చూసే పనేముంది? టీపీఏ వాళ్లు అన్నీ చూసే ఇస్తారు. పాలసీలో ఇరవై శాతం కో-పే ఉంటే బిల్లులో ఇరవై శాతం కట్టి, మనిషిని ఇంటికి తీసుకెళ్లడమే."

ఈ సలహా చుట్టాలు ఇస్తారు, పాలసీ అమ్మిన ఏజెంట్లు ఇస్తారు, ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గరా వినిపిస్తుంది. ఇచ్చేవాళ్లు మంచి ఉద్దేశంతోనే ఇస్తారు. కానీ ఇందులో మూడు మాటలుంటే మూడూ తప్పే. టీపీఏ మన తరఫున బిల్లు చూడదు. కో-పే మొత్తం బిల్లు మీద లెక్కకట్టేది కాదు. ఆ కో-పే ఒక్కటే మన వాటా అసలే కాదు.

మొదటిదాన్ని ముందు తేల్చుకుందాం, మిగతా తప్పులు దాని వెంటే వస్తాయి. టీపీఏ చూసేది బీమా కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు. బిల్లులో ఏ పద్దు పాలసీ కిందకి రాదో దాన్ని గీత పెట్టి కొట్టేస్తుంది. కొట్టేసిన పద్దు మాయమైపోదు, పేషెంటు కట్టాల్సిన మొత్తంలోకి వచ్చి కూర్చుంటుంది. గ్లౌజులకని 1,200 వేశారనుకోండి. 'నాన్ పేయబుల్' అని రాసేస్తే టీపీఏ పని అక్కడితో అయిపోయింది. అన్ని గ్లౌజులు నిజంగా వాడారా, ఒకే పెట్టె రెండుసార్లు పడిందా అన్నది దానికి పట్టదు, ఎందుకంటే ఆ డబ్బు కంపెనీది కాదు. అంటే ఎవరూ చూడని భాగం ఏదైనా ఉందంటే, అది సరిగ్గా మనం కట్టే భాగమే.

ఇప్పుడు ఒక బిల్లు తీసుకుని లెక్క చేద్దాం. ఇది నేను కల్పించిన ఉదాహరణ. తేలిగ్గా అర్థం కావాలని అంకెలు రౌండుగా వేశాను. తప్పులు మాత్రం బిల్లుల్లో ఎదురయ్యే రకానివే.

విజయవాడలో అరవై ఏడేళ్ల పెద్దావిడ. న్యుమోనియా, ఆయాసం. సోమవారం రాత్రి 10 గంటలకు ఐసీయూలో చేర్చారు. బుధవారం మధ్యాహ్నం 3 గంటలకు రూమ్‌కి మార్చారు. శుక్రవారం ఉదయం 11 గంటలకు డిశ్చార్జి. పాలసీ 4 లక్షలకు. రూమ్ అద్దెకు రోజుకి 4,000 పరిమితి, ఐసీయూకి పరిమితి లేదు, కో-పే 20 శాతం. తీసుకున్న రూమ్ అద్దె రోజుకి 5,000.

ఆసుపత్రి బిల్లు ఇలా వచ్చింది. ఐసీయూ 2 రోజులు 24,000. రూమ్ 3 రోజులు 15,000. రూమ్ రోజులకు నర్సింగ్, డ్యూటీ డాక్టర్ చార్జీలు రోజుకి 1,500 చొప్పున 4,500. స్పెషలిస్టుల ఫీజు 6,000, ఇదంతా రూమ్‌లో ఉన్నప్పటిది. మందులు 38,000. పరీక్షలు 28,000. పాలసీ ఇవ్వని గ్లౌజులు, మాస్కుల వంటివి 4,500. మొత్తం 1,20,000. పరీక్షల మీద బీమా ఒప్పందం ప్రకారం 10 శాతం తగ్గింపు, అంటే 2,800.

"ఇరవై శాతం కట్టేయడమే" అన్న సలహా ప్రకారం ఈవిడ కట్టాల్సింది 24,000. ఆసుపత్రి చేతిలో పెట్టిన చివరి కాగితం మీద పేషెంటు వాటా 42,240. సరిగ్గా లెక్కేస్తే రావాల్సింది 28,780. ఈ మూడు అంకెల మధ్య దూరం ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

ముందు రోజులు. ఐసీయూ 2, రూమ్ 3, కలిపి 5. సోమవారం రాత్రి నుంచి శుక్రవారం పొద్దుటి వరకు ఆసుపత్రిలో గడిచిన రాత్రులు నాలుగే. రోజును ఎలా లెక్కపెట్టాలన్న దానికి ఆసుపత్రులన్నిటికీ ఒకటే పద్ధతి లేదు. కొన్ని అర్ధరాత్రి ఎన్నిసార్లు దాటిందో చూస్తాయి, కొన్ని చేరిన గంట నుంచి 24 గంటలు, కొన్ని మధ్యాహ్నం 12 నుంచి మర్నాడు 12. ఈ కేసులో ఏ పద్ధతిలో చూసినా వచ్చేది నాలుగే. మరి అయిదోది ఎక్కడిది? బుధవారం. ఆ మధ్యాహ్నం వరకు ఉన్న ఐసీయూ మంచానికీ, తర్వాత వెళ్లిన రూమ్‌కీ లెక్క విడివిడిగా నడిచింది: ఐసీయూది చేరిన గంట నుంచి 24 గంటల చొప్పున, రూమ్‌ది తేదీల చొప్పున. రూమ్ లెక్కలో బుధ, గురు, శుక్రవారాలు మూడూ పడ్డాయి. డిశ్చార్జి రోజునీ పూర్తి రోజుగా వేశారు. బెడ్ మార్చిన రోజునీ డిశ్చార్జి రోజునీ వేలు పెట్టి చూడండి, రోజుల లెక్క తప్పిందంటే ఎక్కువగా అక్కడే తప్పుతుంది. అడగాల్సిన ప్రశ్న కూడా చిన్నదే: "మీ బిల్లింగ్ డే ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల వరకు?"

ఒక రోజు ఎక్కువ పడితే అద్దె ఒక్కటే ఎక్కువ పడదు. నర్సింగూ డ్యూటీ డాక్టరూ రోజుకింత అని వేసేవే కనుక అవీ వెంట వస్తాయి. ఇక్కడ 5,000కి 1,500 తోడై 6,500 అయింది. ఈ ఒక్క తప్పు దిద్దితే పేషెంటు వాటాలో 2,340 తగ్గుతుంది. మిగిలిన 4,160 కంపెనీ ఇస్తుందిగా అని వదిలేయకూడదు. అది ఆ ఏడాది సమ్ ఇన్సూర్డ్‌లోంచి కరిగే డబ్బు. ఫ్యామిలీ ఫ్లోటర్ అయితే ఇంట్లో ఇంకొకరి వైద్యానికి మిగలాల్సిన డబ్బు.

రెండోది, అన్నిటికంటే పెద్దది, రూమ్ అద్దె పరిమితి. పరిమితి 4,000, తీసుకున్నది 5,000. రోజుకి వెయ్యి మనం కట్టుకుంటే సరిపోతుందనుకుంటారు చాలామంది. అలా కాదు. పాలసీలో ప్రపోర్షనేట్ డిడక్షన్ అనే షరతు ఉంటే, అయిదులో నాలుగు వంతుల రూమ్‌కే అర్హత ఉంది కనుక, రూమ్ స్థాయిని బట్టి మారే చార్జీల్లోనూ నాలుగు వంతులే ఇస్తారు. మిగతా అయిదో వంతు మనది. షరతు ఉన్నమాట నిజమే. కానీ దాన్ని బిల్లంతటికీ పులిమేయడం తప్పు. 2020లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మార్గదర్శకాలు ఈ కోతకు హద్దు గీశాయి. మందులు, కన్స్యూమబుల్స్, ఇంప్లాంట్లు, పరీక్షలు దీని కిందకి రావు. ఐసీయూ చార్జీలకు ఇది వర్తించదు. రూమ్‌ని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో అయితే ఈ కోత పెట్టనే కూడదు. మీ పాలసీ కాగితంలో 'అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్' అన్న చోట ఏది చేరుతుందో, ఏది చేరదో ఉంటుంది. అది చదవండి.

ఈ బిల్లులో ఏం జరిగింది? మందుల 38,000లోనూ అయిదో వంతు కోసి 7,600, పరీక్షల 28,000లో కోసి 5,600 పేషెంటు మీద వేశారు. కోయదగ్గవి రెండే: నర్సింగ్-డ్యూటీ డాక్టర్ చార్జీ, స్పెషలిస్టుల ఫీజు. రోజులు రెండుగా దిద్దాక మొదటిది 3,000, అందులో అయిదో వంతు 600. రెండోది 6,000, అందులో 1,200. రెండూ కలిపి 1,800. "అప్రూవ్ అయింది కదా" అనేవాళ్లు ఈ 7,600, 5,600 వైపు ఒక్కసారి చూడాలని నా మనవి. అప్రూవల్ లెటర్‌లోనే ఈ తప్పు ఉంది మరి.

మూడోది తగ్గింపు. 2,800 డిస్కౌంట్ బిల్లు మీద అచ్చంగా కనిపిస్తూనే ఉంది. కానీ దాన్ని తీసింది చిట్టచివర, కంపెనీ ఇవ్వాల్సిన దాంట్లోంచి. పేషెంటు వాటా మాత్రం డిస్కౌంట్ లేని రేటు మీదే లెక్కకట్టారు. తగ్గింపు ముందు తీయాలి, వాటాలు తర్వాత తేలాలి. తగ్గించిన ధరే అసలు ధర అయినప్పుడు, లేని ధర మీద కో-పే ఎలా వేస్తారు?

ఇప్పుడు సరైన వరుసలో వేద్దాం. ఒక రోజు తీసేస్తే బిల్లు 1,13,500. డిస్కౌంట్ పోగా 1,10,700. ఇందులో పాలసీ ఇవ్వనివి: రూమ్ తేడా రెండు రోజులకు 2,000, ప్రపోర్షనేట్ కోత 1,800, గ్లౌజులూ మాస్కులూ 4,500. మొత్తం 8,300. మిగిలిన 1,02,400 మీదే కో-పే, ఎందుకంటే కో-పే అంటే కంపెనీ ఒప్పుకున్న క్లెయిమ్ మొత్తంలో శాతం. ఇరవై శాతం 20,480. దానికి 8,300 కలిపితే పేషెంటు వాటా 28,780. కంపెనీది 81,920. రెండూ కూడితే మళ్లీ 1,10,700 రావాలి, వచ్చింది. ఇలా కూడి చూడటం ఏ బిల్లుకైనా చేయాల్సిన చివరి పరీక్ష. చేర్చినప్పుడు కట్టిన అడ్వాన్సు ఉంటే దాన్ని ఈ 28,780లోంచి తీసేయాలి.

మందుల 38,000 మాత్రం ఎందుకు ముట్టుకోలేదంటారా? అదీ చూశాకే వదిలాను. ఆవిడకు యాంటీబయాటిక్ ఇంజక్షన్ ఎనిమిది గంటలకొకటి రాశారు. సోమవారం రాత్రి 10కి మొదటిది, శుక్రవారం పొద్దున 6కి చివరిది, మొత్తం పదకొండు. ఫార్మసీ ఇచ్చినవి పదిహేను. మిగిలిన నాలుగూ వెనక్కి తీసుకున్నట్టు రిటర్న్ స్లిప్ ఉంది, ఆ డబ్బు బిల్లులో తగ్గింది. స్లిప్ లేకపోయుంటే నాలుగు ఇంజక్షన్ల డబ్బు అడగాల్సిందే. నర్సుల దగ్గరుండే మందుల చార్టుతో ఫార్మసీ పద్దులు ఇలా ఒకటి రెండు ఖరీదైన మందులకు పోల్చి చూసినా చాలు, మిగతా లెక్క ఎంత నమ్మదగ్గదో తెలుస్తుంది.

జీఎస్టీ గురించి కూడా ఒక మాట. 2022 జులై నుంచి రోజుకి 5,000 దాటిన రూమ్ అద్దె మీద 5 శాతం పన్ను ఉంది. ఐసీయూకి లేదు. ఇక్కడ అద్దె సరిగ్గా 5,000, దాటలేదు, కాబట్టి పన్ను పడకూడదు.

బిల్లు ఇలా పట్టి చూడమంటే ఒక జవాబు వస్తుంది: "డిశ్చార్జి రోజున ఇవన్నీ అడుగుతూ కూర్చుంటే ముసలావిడ మంచం మీద పడిగాపులు పడాలి." ఇందులో నిజం ఉంది, కొట్టిపారేయను. అందుకే అడగడం డిశ్చార్జి రోజుకి వదలొద్దంటాను. రోజు విడిచి రోజు ఇంటరిమ్ బిల్లు తీసుకుంటే, బుధవారం పడిన రెండు మంచాలు గురువారమే కనిపిస్తాయి. పద్దులవారీ బిల్లు ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో ఉన్న హక్కు. ఇక ఆలస్యం సంగతి. ఆసుపత్రి డిశ్చార్జి అభ్యర్థన పంపిన మూడు గంటల్లోపు బీమా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలనీ, అంతకు మించి ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వేస్తే అది కంపెనీయే భరించాలనీ ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ చెబుతోంది.

అయినా తేలకపోతే మనిషిని అక్కడే ఉంచి పోట్లాడమని నేను చెప్పను. "ఫలానా పద్దులపై అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసిచ్చి, నకలు మీద సంతకం తీసుకుని, డబ్బు కట్టి ఇంటికి వెళ్లండి. తర్వాత రెండు దారులు, రెంటినీ కలపొద్దు. రోజుల లెక్క, మందుల లెక్క ఆసుపత్రి తప్పు, దానికి ఆసుపత్రి బిల్లింగ్ విభాగం, అక్కడ తేలకపోతే వినియోగదారుల కమిషన్. ప్రపోర్షనేట్ కోత, కో-పే కంపెనీ తప్పు, దానికి కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయాలి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఈ కేసులో తేడా 13,460. ఇంటికి వెళ్లాక ఆవిడ మందులకు పనికొచ్చే డబ్బు అది. కట్టేముందు పద్దులవారీ బిల్లు, అప్రూవల్ లెటరు, పాలసీ కాగితం, మూడూ పక్కపక్కన పెట్టుకుని కూర్చోండి. రోజుల దగ్గర మొదలుపెట్టండి.