వేదిక దిగిన తరువాత

పాఠశాల వార్షికోత్సవం ముగిసిన మరునాడు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఒక యూట్యూబ్ లింకు ప్రత్యక్షమవుతుంది. తమ బిడ్డ ఎక్కడ కనిపిస్తుందా అని అందరూ ఆత్రంగా తెరుస్తారు. ఆ లింకు గ్రూపులోనిదే గాని, వీడియో మాత్రం గ్రూపులోనిది కాదు. లోకంలో ఎవరైనా దానిని చూడగలరు.

మాకు తెలిసిన ఒక సోదరి కుమార్తె అయిదవ తరగతి చదువుతోంది. వేదికపై నాలుగు నిమిషాలు చక్కగా ప్రసంగించింది. ఆ వీడియోను ఒక్కసారి పరాయివాని కళ్ళతో చూడండి. శీర్షికలో పాప పూర్తి పేరు, తరగతి, సెక్షను ఉన్నాయి. వెనుకనున్న బ్యానరుపై పాఠశాల పేరు, ఊరి పేరు ఉన్నాయి. వ్యాఖ్యాత పాపను పిలుస్తూ తండ్రి పేరు, ఆయన నడిపే దుకాణం పేరు కూడా చెప్పారు. ఇవి విడివిడిగా చిన్న విషయాలే. కాని సాయంత్రం గేటు వద్ద నిలబడి, పాపను పేరు పెట్టి పిలిచి, “మీ అబ్బా దుకాణం నుంచి పంపించారమ్మా, రా” అనడానికి ఒక అపరిచితునికి ఇంతకంటే మరేమీ అక్కరలేదు.

మూడు వందల మంది పిల్లలున్న ఆ బడి వీడియోను రెండు వారాలలో వేలమంది చూశారని గమనించినప్పుడు ఆ తల్లికి అనుమానం కలిగింది. వ్యాఖ్యలు చదివితే, ఎవరో ఏ మాటా లేకుండా “2:14” అని మాత్రమే రాశారు. దానిని నొక్కితే వీడియో నేరుగా ఆ క్షణానికే వెళుతుంది. పాప ప్రసంగం మధ్యలో దుపట్టా సర్దుకున్న క్షణమది. పిల్లల వీడియోల క్రింద ఇటువంటి సమయ సూచనలు, ఊరూ పేరూ లేని ఖాతాల పొగడ్తలు, “ఏ ఊరు?” వంటి ప్రశ్నలు కనిపిస్తే, చూస్తున్నది బంధువులు కారని గ్రహించాలి. ఈ బెడద కారణంగానే యూట్యూబ్ 2019లో మైనర్లు కనిపించే అనేక వీడియోలకు వ్యాఖ్యల సదుపాయాన్ని తొలగించింది. అయినా అన్నీ దాని కంటబడవు.

ఆమె ప్రధానోపాధ్యాయుని కలిసినప్పుడు ఆయన, “అమ్మా, పిల్లల కోసమే అన్న గుర్తు పెడతాము, ఇక భయమేముంది?” అన్నారు. ఇది చాలామందికి ఉన్న పొరపాటు. ఆ గుర్తు వలన వ్యాఖ్యలు మూతబడతాయి, ప్రకటనల తీరు మారుతుంది. వీడియో మాత్రం అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఎవరు చూడగలరన్నది నిర్ణయించేది వేరొక అమరిక. Public అంటే అందరూ చూడవచ్చు. Unlisted అంటే వెదికితే సాధారణంగా దొరకదు గాని, లింకు చేతికి అందిన ప్రతివారూ చూడవచ్చు. గ్రూపులోని లింకు ఎన్ని చేతులు మారుతుందో చెప్పనక్కరలేదు. Private అంటే పాఠశాల ఆహ్వానించిన ఖాతాలవారు మాత్రమే చూడగలరు. లింకును ఇతరులకు పంపినా తెరుచుకోదు.

ఆనాడు జరిగిన పని ఇది. మొదట వీడియోను Private చేశారు. ఆ తరువాత శీర్షిక నుండి పేరు, తరగతి తొలగించారు. పరిచయ వాక్యాలున్న భాగాన్ని యూట్యూబ్ స్టూడియోలోని ఎడిటరులో కత్తిరించారు. ముఖాలను మసకబరిచే సదుపాయమూ అక్కడే ఉంది. ఈ క్రమం ముఖ్యం. సవరణ పూర్తయ్యేవరకు వీడియోను బహిరంగంగా ఉంచరాదు. అయితే ఈలోగా ఎవరైనా దింపుకొన్న ప్రతిని ఇది చెరపలేదు. అందుకే ముందుగానే అడగడం మేలు.

ఒకవేళ పాఠశాల వినకపోతే, బిడ్డ తరఫున తల్లిదండ్రులే యూట్యూబ్‌కు గోప్యతా ఫిర్యాదు చేయవచ్చు. బిడ్డ ఏ నిమిషంలో ఎలా కనిపిస్తుందో అందులో తెలపాలి. ఎవరైనా బిడ్డను వేధిస్తే, వీడియో లింకును, వ్యాఖ్యల స్క్రీన్‌షాట్లను భద్రపరచి cybercrime.gov.in లో ఫిర్యాదు చేయాలి. సాక్ష్యం సేకరించిన తరువాతే తొలగింపు కోరాలి.

మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ళు నిండని వారిని పిల్లలుగా పరిగణించి, వారి డేటా వినియోగానికి తల్లిదండ్రుల అనుమతి అవసరమంటుంది. ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకొనే హక్కునూ గుర్తిస్తుంది. చాలా ప్రవేశ దరఖాస్తులలో “ఫోటోలకు అభ్యంతరం లేదు” అన్న ఒకే వాక్యం ఉంటుంది. దానికి బదులు పాఠశాలకు ఇలా రాసివ్వండి: “మా బిడ్డను కార్యక్రమాలలో చిత్రీకరించుటకు అంగీకరిస్తున్నాము. ఆ ప్రతిని తరగతి తల్లిదండ్రులకు ఇచ్చుటకు అంగీకరిస్తున్నాము. బహిరంగ మాధ్యమాలలో పెట్టుటకు ప్రతిసారి మా అనుమతి కోరవలెను.” చిత్రీకరణ, పంపిణీ, ప్రచురణ మూడు వేర్వేరు విషయాలు. ఇలా విడదీసి రాస్తే, బిడ్డను వేదికకు దూరం చేయవలసిన అవసరం ఉండదు.

ఆ సోదరి సంతకం చేసే ముందు కుమార్తెనూ అడిగింది. పాప కాసేపు ఆలోచించి, “నానీకి చూపించు అమ్మీ, అందరికీ వద్దు” అన్నది. అనుమతి పత్రంలో ఆ తల్లి రాసినదీ సరిగ్గా అదే.