ఎనిమిది లక్షల గీత చెప్పని సంగతి

ఒక కుటుంబం సమాజంలో ఏ మెట్టు మీద ఉందో తేల్చాల్సి వచ్చినప్పుడు ప్రభుత్వం ముందుగా అడిగేది ఏడాది ఆదాయం. రిజర్వేషన్ల విషయంలో ఆ గీత 8 లక్షల రూపాయల దగ్గర ఉంది. ఓబీసీల్లో సంపన్న శ్రేణిని వేరుచేయడానికి 2017 నుంచి ఇదే అంకె. 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చిన ఈడబ్ల్యూఎస్ కోటాకూ ఇదే అంకె. అయితే ఒకే అంకె ఈ రెండు చోట్లా ఒకే పని చేయడం లేదు.

ఓబీసీ సంపన్న శ్రేణి నిబంధనలు 1993 నాటివి. వాటిలో అసలు కొలమానం తల్లిదండ్రుల ఉద్యోగ హోదా. తల్లి గానీ తండ్రి గానీ నేరుగా గ్రూప్-ఎ అధికారిగా చేరితే, జీతం ఎంతయినా పిల్లలకు రిజర్వేషన్ ఉండదు. ఆదాయ పరీక్ష పెట్టినప్పుడు జీతాన్నీ, సాగు రాబడినీ లెక్కలోకి తీసుకోరు. అంటే ఆ నిబంధనలు రాసినవారికి, కుటుంబం స్థాయిని నిర్ణయించేది ఒక ఏడాది రాబడి కాదన్న సంగతి తెలుసు. ఈడబ్ల్యూఎస్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిడి చాలావరకు పోయింది. అయిదెకరాల పొలం వంటి కొన్ని ఆస్తి షరతులు ఉన్నా, ప్రధానంగా చూసేది దరఖాస్తుకు ముందు ఏడాది కుటుంబం మొత్తం ఆదాయమే. నెలకు 66 వేలు వచ్చే ఇల్లూ, కూలి దొరికిన రోజే పొయ్యి వెలిగే ఇల్లూ గీతకు ఒకే పక్కన నిలుస్తాయి. పైగా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పేదలకు ఆ కోటాలో చోటే లేదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు 3-2 మెజారిటీతో సవరణను సమర్థించినప్పుడు జస్టిస్ రవీంద్ర భట్, ప్రధాన న్యాయమూర్తి యు.యు. లలిత్ విభేదించింది ముఖ్యంగా ఈ మినహాయింపు మీదే. వారి అభ్యంతరం న్యాయమైనది. పేదరికమే ప్రాతిపదిక అని చెప్పి, పేదల్లో అత్యధికులున్న కులాలను బయట పెట్టడం ఏ తర్కానికీ నిలవదు.

ఆదాయం దాచిపెట్టేది ఏమిటో తెలియాలంటే కృష్ణా డెల్టాలోని ఒక ఊరిని, అందులో రెండు కుటుంబాలను ఊహించుకోవచ్చు. మొదటిది భూమి ఉన్న రైతు కులానిది. రెండున్నర ఎకరాల మాగాణిని కౌలుకిస్తే ఏడాదికి లక్ష వస్తుంది. ఇంటాయన టౌనులో ఎరువుల కొట్లో గుమస్తా, నెలకు పదివేలు. రెండోది దళితవాడలో ఉంటుంది. భర్త తాపీ మేస్త్రీ. రోజుకు 800 చొప్పున 200 రోజులు పని దొరుకుతుంది. భార్య నాట్లకూ, కలుపుకూ వెళ్తుంది. 400 చొప్పున 150 రోజులు. రెండు ఇళ్లకూ ఏడాదికి వచ్చేది 2 లక్షల 20 వేలే. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రంలో తేడా ఏమీ కనిపించదు.

ఆరోగ్యశ్రీ కిందికి రాని వైద్యానికి రెండు ఇళ్లలోనూ 2 లక్షలు కావాల్సి వచ్చిందనుకుందాం. మొదటి ఇంటివారు పాస్‌బుక్కో బంగారమో బ్యాంకులో పెడతారు. నూటికి ఏడాదికి 9 రూపాయల వడ్డీ అనుకున్నా 18 వేలు కట్టాలి. రెండో ఇంట్లో డ్వాక్రా అప్పు అప్పటికే వాడేసుకున్నారు. బ్యాంకులో పెట్టడానికి ఏమీ లేదు. మూడు రూపాయల వడ్డీకి బయట తెస్తారు. నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. సంపాదనలో మూడో వంతు వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఆ అప్పు ఇచ్చింది మేస్త్రీకి పని ఇచ్చే ఆసామీయే అయితే ఈసారి కూలి రేటు గురించి నోరెత్తడం కష్టం. మరుసటి ఏడాది మళ్లీ ధ్రువపత్రం తీసుకుంటే ఇద్దరి ఆదాయమూ అదే 2 లక్షల 20 వేలు. వడ్డీ ఎంత కడుతున్నారో అడిగే గడి ఆ కాగితంలో లేదు.

ఈ తేడా వర్గానికి సంబంధించింది. ఒకరికి ఆస్తి ఉంది, ఇంకొకరికి రెక్కల కష్టమే ఉంది. అయితే ఆస్తి ఎవరికి ఉంది, రెక్కల కష్టం ఎవరి వంతయింది అన్న ప్రశ్నకు జవాబు కులంలో ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. కాలువ నీరు చేరాక విలువ పెరిగింది అప్పటికే భూమి చేతిలో ఉన్నవారికి. వారిలో ఎక్కువమంది కమ్మ, రాజు వంటి కులాలవారు. ఆ పొలాల్లో పనిచేసిన మాల, మాదిగ కుటుంబాలకు పెరిగింది పని మాత్రమే. మిగులు సొమ్ము రైసు మిల్లుల్లోకి, సినిమాల్లోకి, తరవాత కాలేజీల్లోకి, ఆసుపత్రుల్లోకి వెళ్లిన తీరును కెరోల్ ఉపాధ్య 1988లోనే కోస్తా రైతు పెట్టుబడిదారులపై రాసిన వ్యాసంలో వివరించారు. ఆ పెట్టుబడి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది చాలావరకు బంధుత్వాల దారిలోనే. పెళ్లిళ్లు కులంలోనే జరుగుతాయి గనుక పొలం, కట్నం, వ్యాపార పరిచయాలు, హైదరాబాదులో ఉద్యోగం చూపించే మేనమామ, అన్నీ ఆ వలయంలోనే తిరుగుతాయి. వర్గాన్ని ఒక తరం నుంచి ఇంకో తరానికి అందించే కాలువ కులమే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల విస్తీర్ణంలో ఎస్సీల చేతిలో ఉన్నది 9 శాతం కూడా లేదు. 2011 జనగణనలో వారి జనాభా 16.6 శాతం.

ఆస్తి ప్రసక్తి లేని చోట కూడా కులం పనిచేస్తుంది. సుఖదేవ్ థోరాట్, పాల్ అట్‌వెల్ పత్రికల్లో వచ్చిన ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి అర్హతలతో దరఖాస్తులు పంపించారు. మార్చింది పేర్లు. 2007లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, అగ్రకుల హిందూ పేరున్న దరఖాస్తుతో పోలిస్తే దళిత పేరున్న దానికి పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ముస్లిం పేరుకు మూడో వంతే. ఆదాయం పుట్టకముందే, కాగితం మీది పేరు దగ్గరే వడపోత జరిగిపోయింది.

అలాగని కులం ఒక్కటే చూసినా చిత్రం తప్పుతుంది. సెంటు భూమి లేని కమ్మ కౌలు రైతు, ఇంజనీరింగ్ కాలేజీ యజమాని ఒకే కులంవారే గానీ ఒకే వర్గంవారు కారు. దళితుల్లోని అంతరాలను అందరి ముందూ పెట్టింది 1994లో మొదలైన మాదిగ దండోరా. చదువు, ఉద్యోగాలు ఎస్సీ కులాలన్నిటికీ సమానంగా అందలేదన్న ఆ వాదన 2004లో సుప్రీంకోర్టులో ఓడింది, 2024 ఆగస్టు 1న గెలిచింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ఎస్సీలను మూడు గ్రూపులుగా విడదీసి 1, 9, 5 శాతాలు కేటాయించింది. ఎస్సీల లోపలి వర్గ భేదాన్ని మళ్లీ కులం పేరుతోనే గుర్తించాల్సి వచ్చింది. ఈ రెంటినీ విడదీయడం ఎంత కష్టమో ఇక్కడే తెలుస్తుంది.

రెంటినీ కలిపి కొలవడం మాత్రం అసాధ్యమేమీ కాదు. ఆదాయం స్థానంలో నాలుగు సంగతులు అడగాలి: భూమి ఎంత, ఎవరి పేరున ఉంది; అప్పు ఎవరి దగ్గర, ఎంత వడ్డీకి తెచ్చారు; ఇంట్లోవారు కూలికి వెళ్తారా, కూలి పెట్టుకుంటారా; తల్లిదండ్రులు ఏం చదివారు, ఏ పని చేశారు. జవాబులను బట్టి ముందు వర్గాలుగా విడదీసి, తరవాత ప్రతి వర్గాన్నీ కులాలవారీగా చూపాలి. అప్పుడు కౌలు రైతుల్లో ఏ కులం ఎంత, భూయజమానుల్లో ఏ కులం ఎంత అన్నది ఒకే పట్టికలో కనిపిస్తుంది. తెలంగాణ 2024 చివర జరిపిన ఇంటింటి సర్వే కులంతో పాటు భూమి, అప్పులు, ఉద్యోగాల గురించి కూడా అడిగింది గనుక ఇలాంటి పట్టిక వేయడం వీలవుతుంది. పొరపాట్లకు తావు రెండు చోట్ల ఉంది. కౌలు చాలావరకు నోటిమాట మీదే నడుస్తుంది గనుక కౌలుదారు రికార్డుకెక్కడు. పెద్ద కమతాలు బంధువుల పేర్ల మీద చీలి చిన్నవిగా కనిపిస్తాయి. అందుకే పాస్‌బుక్ ఎవరిదని అడిగి ఊరుకోకుండా, ఆ పొలంలో నిరుడు దున్నింది ఎవరు, పంట డబ్బు ఎవరి చేతికి వచ్చింది అని ఊళ్లోనే అడిగి రాసుకోవాలి.