గెలిచిన డ్రైవరుకు ఆరేళ్ల జీతం ఏదీ?



చిత్తూరులో మా వీధి డ్రైవరొకాయన ఇటీవల అనంతపురం లేబర్ కోర్టులో కేసు గెలిచాడు. విచారణ జరపకుండా తీసేయడం చెల్లదని, సర్వీసు కొనసాగింపుతో ఉద్యోగంలోకి తీసుకోవాలని అవార్డు వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. నేను అవార్డు చివరి పేజీ తీసి చూశాను. ‘బ్యాక్ వేజెస్ లేకుండా’ అని ఉంది. తీసేసేనాటికి ఆయన జీతం 18,000. బయటున్నది 72 నెలలు. అంటే 12,96,000 రూపాయలు పోయినట్టే.

ఎందుకు పోయింది? ఆ రోజుల్లో తనకు వేరే ఉద్యోగం లేదన్న ముక్క పిటిషన్లో లేదు, సాక్ష్యంలోనూ చెప్పలేదు. పైగా క్రాస్‌లో అవతలి వకీలు అడిగితే, “అప్పుడప్పుడు మామిడికాయల ట్రాక్టరు తోలాను సార్” అన్నాడు. నిజమే చెప్పాడు. ఇల్లు గడవాలి కదా!

దీపాలి గుండు సుర్వసే కేసులో 2013లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. అక్రమంగా తీసేసినవారికి తిరిగి ఉద్యోగంతో పాటు బ్యాక్ వేజెస్ ఇవ్వడమే మామూలు పద్ధతి అంది. తనకు పని లేదనో, తక్కువ జీతానికి పనిచేశాననో కార్మికుడు చెబితే చాలు. కాదు, బాగానే సంపాదించాడని నిరూపించాల్సింది యాజమాన్యమే. కేసు ఏళ్లతరబడి సాగిందన్న కారణంతో కార్మికుడి జీతం కోయకూడదనీ చెప్పింది. అలాంటప్పుడు ట్రాక్టరు కూలిని పూర్తి ఉద్యోగంలా లెక్కగట్టడం ఏం న్యాయం?

తప్పు రుజువై, శిక్ష ఎక్కువైందని మాత్రమే తిరిగి తీసుకునే కేసుల్లో పాత జీతం తగ్గించినా నాకు అభ్యంతరం లేదు. ఈయనది ఆ కోవలోది కాదు.

ఇంకో మెలిక ఉంది. సర్వీసు కొనసాగింపు ఉంది కదా, ఇంక్రిమెంట్లు వాటంతటవే వస్తాయని మనవాళ్ల నమ్మకం. ఏపీఎస్ఆర్టీసీ కండక్టరు ఒకరు అలాగే అడిగితే, అవార్డులో అనుబంధ ప్రయోజనాలు ఇవ్వమని విడిగా రాయనిదే బయటున్న కాలానికి ఇంక్రిమెంట్లు రావని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. మా డ్రైవరు అవార్డులో ఆ మాటా లేదు. ఆరేళ్ల కిందటి జీతం దగ్గరే మళ్లీ మొదలుపెట్టాలి.

తిరుపతి, చిత్తూరు యూనియన్ నాయకులకు, వకీళ్లకు నా మనవి. పిటిషన్ వేసే రోజే కార్మికుడు ఏ పని చేశాడో, ఎంత వచ్చిందో దాచకుండా రాయించండి. కోరికల్లో బ్యాక్ వేజెస్, ఇంక్రిమెంట్లు, అనుబంధ ప్రయోజనాలు విడివిడిగా అడగండి. అవార్డు చేతికి రాగానే స్వీట్లకు ముందు చివరి పేజీ చదవండి.

– ఒక విశ్రాంత ఉద్యోగి, చిత్తూరు