నల్లగా పండే కోను

మొన్న పెళ్లిలో మా ఆడపడుచుని చూసి అందరూ అడిగిందొకటే. "ఏంటి వదినా, జుట్టు నెరిసినా రంగేసుకోవడం మానేశారేం?" ఆవిడ నవ్వి ఊరుకుంది. అసలు సంగతి నాకు తెలుసు.

మూడేళ్ల కిందట పండక్కి వీధి చివర కొట్లో కోను కొని పెట్టుకుంది. అరగంటలో కడిగేస్తే చేతులు నల్లగా మెరిసిపోయాయి. "ఎంత బాగా పండిందో!" అని మురిసిపోయాం. పది రోజులకి ఆ డిజైను గీతల మీదే దురద, చిన్న పొక్కులు. వేడి చేసిందనుకున్నాం. ఆ తర్వాత ఏడాదికి డబ్బా రంగు తెచ్చి తలకి వేసుకుంది. మర్నాటికి నుదురు, కనురెప్పలు వాచిపోయి కళ్లు తెరవలేకపోయింది. చర్మం డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పుడైనా నల్ల మెహందీ పెట్టుకున్నారా?"

రెండింటిలోనూ ఉన్నది ఒకటే మందు, పీపీడీ. నలుపు, ముదురు గోధుమ రంగుల డబ్బాల్లో చాలావాటిలో ఉంటుంది. డబ్బా మీద రాస్తారు కాబట్టి కనీసం తెలుస్తుంది. నల్ల కోనులో ఎంత కలిపారో ఎవరూ రాయరు, పైగా తిన్నగా చర్మం మీదే పెడతాం. ఒకసారి ఒంటికి పడలేదంటే ఇక సాధారణంగా జీవితాంతం పడదు.

ఆషాఢంలో గోరింటాకు రుబ్బి పెట్టుకున్న మనకి అసలు రంగేదో వేరే చెప్పాలా? కడగగానే నారింజ రంగు, ఒకటి రెండు రోజులకి ముదిరి ఎరుపు. ఆకు నల్లగా పండదు. పది నిమిషాల్లో ముదురు రంగొచ్చినా, కిరసనాయిలు వాసన కొట్టినా అందులో ఇంకేదో కలిసిందని అర్థం. ఉత్త ఆకుతో చేసిన కోను బయట ఉంచితే కొద్దిరోజుల్లోనే పాడవుతుంది, అందుకే ఫ్రీజర్లో దాస్తారు. నెలల తరబడి కొట్లో వేలాడేది నేను కొనను.

తలకి అమ్మే "నల్ల హెన్నా" పొడీ అంతే. పొట్లం మీద ఆకు బొమ్మ కాదు, వెనకాల అక్షరాలు చదవండి. నేను మాత్రం ఉత్త హెన్నానే పెట్టుకుంటాను. మూడు గంటలు తలమీద బురదముద్ద, తెల్ల వెంట్రుకలకి నారింజ రంగు. మా ఇంట్లో అగ్గిపుల్ల అని వెక్కిరిస్తారు, వెక్కిరించనీ. నలుపే కావాలనుకున్నప్పుడు మర్నాడు నీలి ఆకు పొడి కలిపి ఇంకో పూత వేస్తాను.

డబ్బా రంగే కావాలనేవాళ్లని తప్పుపట్టను. అరగంటలో పనైపోతుంది, చాలామందికి ఏమీ కాదు కూడా. కానీ కోనుతో ఒక్కసారి పొక్కులొచ్చినా ఆ డబ్బా జోలికి వెళ్లకండి, పరీక్షకైనా సరే. మిగతావాళ్లు డబ్బాలో రాసినట్టు కొంచెం రంగు మోచేతి మడతలో రాసి 48 గంటలు చూడండి. కిందటిసారి పడింది కదా అని వదిలేయొద్దు, వేసుకునే ప్రతిసారీ.

మా ఆడపడుచు ఇప్పుడు హెన్నా పొడిని కూడా ముందు చేతికి రాసుకుని రెండు రోజులు చూస్తోంది. ఈ ఆదివారం మా ఇంట్లోనే పెట్టుకుంటానంది.