వసూలైన బిల్లులే లెక్క

నెల చందా 499 రూపాయలు. 28న కార్డు నుంచి తీసుకోబోతే ఖాతాలో డబ్బు లేక బ్యాంకు తిప్పికొట్టింది. 29న మళ్లీ ప్రయత్నించారు, 30న ఇంకోసారి. మూడూ విఫలమయ్యాయని సేవ ఆపేశారు. ఆ చందాదారుకు జీతం పడేది ఒకటో తేదీన! రెండో తేదీ దాకా ఆగితే డబ్బూ వచ్చేది, మనిషీ మిగిలేవాడు.

విఫలమైన రెన్యువల్‌ను తిరిగి రాబట్టే ఈ పనిని వ్యాపార సంస్థలు డన్నింగ్ అంటాయి. ఇందులో గుడ్డిగా ప్రయత్నాలు చేయడం మానాలన్నది మా స్పష్టమైన అభిప్రాయం. బ్యాంకు కాదన్న ప్రతిసారీ కారణాన్ని ఒక కోడ్‌గా పంపుతుంది. 51 అంటే ఖాతాలో డబ్బు చాలలేదు. జీతాల రోజు దాకా ఆగాలి. 54 అంటే కార్డు గడువు తీరింది. అదే కార్డును ఎన్నిసార్లు తట్టినా లాభం లేదు, కొత్త కార్డు వివరాలు అడగాలి. 43 వస్తే అది దొంగిలించిన కార్డు. R1 వస్తే ఇకపై డబ్బు తీసుకోవద్దని ఖాతాదారే అనుమతి వెనక్కి తీసుకున్నట్టు. ఈ రెండింటిలోనూ మళ్లీ ప్రయత్నించకూడదని వీసా నిబంధనలే చెబుతున్నాయి. మళ్లీ ప్రయత్నించడానికి వీలున్న కోడ్‌లకు 30 రోజుల్లో 15 సార్లన్న పరిమితి ఉంది. అన్నిసార్లూ వాడుకోమని దానర్థం కాదు.

ఇంతకంటే పెద్ద తప్పు వసూలు రేటు లెక్కలో జరుగుతోంది. జూన్‌లో 1,000 రెన్యువల్స్‌లో 100 తొలి ప్రయత్నంలోనే విఫలమయ్యాయనుకుందాం. ఒక్కో బిల్లు విఫలమైన రోజు నుంచి 30 రోజుల్లోగా 45 బిల్లులకు డబ్బు వచ్చింది. రేటు 45 శాతం. దొంగిలించిన, రద్దయిన కార్డులవంటూ 25 బిల్లులను పక్కకు తోసేస్తే 75లో 45, అంటే 60 శాతమవుతుంది. రూపాయి కూడా అదనంగా రాకుండానే రేటు పెరిగింది. ఇది అంగీకరించదగ్గ లెక్క కాదు. విఫలమైన ప్రతి బిల్లూ హారంలో ఉండాలి. వసూలయ్యాక మూడింటికి డబ్బు వాపసు ఇచ్చి ఉంటే 42 అనే చెప్పాలి.

ఆ 45లో 12 మంది సందేశం చూసి తామే కొత్త కార్డు నమోదు చేసుకున్నారనుకోండి. అది సందేశం సాధించిన ఫలితం. మళ్లీ మళ్లీ చేసిన ప్రయత్నాల ఖాతాలో 33 మాత్రమే వేయాలి. ప్రయత్నాల తేదీలు మార్చడం వల్ల మేలు జరిగిందనాలంటే విఫలమైన బిల్లులను చీటీలు తీసినట్టు రెండుగా విడదీసి, ఒక సగానికి పాత తేదీలనే ఉంచి పోల్చాలి. లేకపోతే పండగ బోనస్ పడిన నెలలో పెరిగిన వసూలు కూడా కొత్త పద్ధతి ఘనతగా చలామణి అవుతుంది.

తొందరా పనికిరాదు. జూన్ 30న విఫలమైన బిల్లుకు జూలై 30 దాకా గడువుంది. జూలై మొదటివారంలోనే జూన్ రేటు ప్రకటించే నివేదికను యాజమాన్యాలు తిప్పి పంపాలి.